అరవయ్యో ఏటి డబ్బు

మూసాపేటలో రేకుల గదుల వరస ఒకటి ఉండేది. అందులో చివరి గది ఎస్తేరుది. వాకిలికి ఆనుకుని కుట్టుమిషను, మిషను పక్కన ఎప్పుడూ ఒక గోనెసంచి. ఆ సంచిలో బాలానగర్ ఫ్యాక్టరీల వాళ్ళు చేతులకు తొడుక్కునే గుడ్డ తొడుగుల ముక్కలుండేవి. కుట్టి ఇస్తే డజనుకింత అని ఇచ్చేవారు. ఆర్డరుంటే సంచి నిండుగా వచ్చేది, లేకపోతే పదిహేను రోజులైనా ఖాళీగానే పడి ఉండేది. ఆమె భర్త ప్రభుదాస్ రాళ్ళు పరిచే మేస్త్రీ. గ్రానైటు పలకలు అతని చేతికింద అద్దంలా కూర్చునేవి. ఆ చేతికి పనున్నప్పుడు శనివారం శనివారం కూలి వచ్చేది. పని లేనప్పుడు, పనున్నా పై కంట్రాక్టరుకు బిల్లు రానప్పుడు, రాదు. వాళ్ళిద్దరూ గుంటూరు వైపు నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. ఒక్కతే కూతురు, కెజియా. నాలుగో తరగతి చదువుతోంది.

ఎస్తేరుకు ఆకలంటే అంత భయం లేదు. చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆకలే అది. ఆమెను భయపెట్టింది ముసలితనం. అదే వరసలో, మెట్ల కింద చాటంత చోటులో కనకమ్మ అనే ముసలామె ఉండేది. ఒకప్పుడు నాలుగంతస్తుల మీదికి సిమెంటు తట్టలు మోసిన మనిషి. ఇప్పుడు ఒకరోజు ఒకరి ఇంట్లో, ఇంకోరోజు ఇంకొకరి ఇంట్లో అన్నం పెడితే తినేది. అన్నానికి ఎస్తేరు వాకిట్లోకి వచ్చిన రోజు కనకమ్మ కూర గురించి అడిగేది కాదు. గిన్నె ముందుకు చాపి, తల పక్కకు తిప్పుకునేది. ఆ తల తిప్పుకోవడం చూసిన ప్రతిసారీ ఎస్తేరు మొగుడి వయసు లెక్కవేసుకునేది. రాళ్ళు పరిచే పని అరవై ఏళ్ళ దాకా ఎవడూ చెయ్యలేడు. మోకాళ్ళు ముందే పోతాయి. ఆ తరవాత?

ఈ ప్రశ్నకు జవాబు చర్చిలో దొరికింది. సంఘపెద్ద జాన్సన్ ఇన్సూరెన్సు ఏజెంటు. మాట నెమ్మది, మనిషి నిజాయితీపరుడు. ఆరు నెలలకోసారి కిస్తు కడుతూపోతే ప్రభుదాస్‌కు అరవై ఏళ్ళు వచ్చేసరికి యాభై వేలూ, దానిమీద బోనసూ చేతికొస్తాయని, ఈలోగా అతనికేమైనా అయితే ఆ మొత్తం ఎస్తేరుకు వస్తుందని చెప్పాడు. చెప్పాల్సిన ఇంకో మాటా దాచకుండా చెప్పాడు. మూడేళ్ళు పూర్తిగా కట్టేదాకా దాన్ని మధ్యలో తీసుకోవడానికి లేదు, దానిమీద అప్పూ పుట్టదు.

ప్రభుదాస్‌కు అది నచ్చలేదు. "మన కూలికి నెల తెలుసా, పక్షం తెలుసా? ఆరు నెల్లకి ఇంత అని ఎవడికి మాటిస్తాం? ఆ డబ్బేదో పోస్టాఫీసులో ఉంటే, పనాగిన రోజున మనదవుద్ది" అన్నాడు.

ఎస్తేరు ఒప్పుకోలేదు. చేతికందే డబ్బు ప్రభుదాస్ దగ్గర ఎలా కరుగుతుందో ఆమెకు తెలుసు. తమ్ముడు బోరు వేయించుకుంటానంటే ఇచ్చాడు. తోటి మేస్త్రీ పెళ్ళికి ఇచ్చాడు. ఇచ్చినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ దగ్గరా లేక తిరిగివ్వలేదు, అంతే. మధ్యలో తీసుకోవడానికి వీల్లేదని జాన్సన్ చెప్పిన మాటే ఎస్తేరుకు అన్నిటికన్నా బాగా నచ్చింది. ఎవరూ చెయ్యిపెట్టలేని చోటు ఒకటుంది. తొంభై ఆరు ఏప్రిల్లో మొదటి కిస్తు తన తొడుగుల డబ్బుతోనే కట్టింది.

రెండేళ్ళు బాగానే గడిచాయి. ఆ రోజుల్లో మాదాపూర్ గుట్టలన్నీ తవ్వుతున్నారు. కంప్యూటర్ కంపెనీల భవనాలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. మొగిలి అనే వరంగల్ వైపు మేస్త్రీ ఒక పెద్ద భవనంలో రాతిపని తీసుకుని, ప్రభుదాస్‌ను తన జట్టులో పెట్టుకున్నాడు. కూలి బాగుండేది. కిస్తులు కడుతూనే, ప్రభుదాస్ పట్టుబట్టడంతో పోస్టాఫీసులో కూడా కొంత పడుతూ వచ్చింది. "నెలన్నర పని లేకపోయినా ఎవరి గుమ్మం ఎక్కకుండా తినాలి. అంత ఉంటే చాలు" అనేవాడు. నెలన్నరకు సరిపడేంత జమ కావడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆ పాసుబుక్కు మడతలు పడకుండా బైబిలు కింద పెట్టి ఉంచేవాడు. దాంట్లోంచి ఎవరికీ ఇవ్వలేదు. తమ్ముడు అడిగినా ఇవ్వలేదు. ఆ సంగతి ఎస్తేరు గమనించింది కానీ పైకి అనలేదు.

తొంభై ఎనిమిది ఏప్రిల్లో అయిదో కిస్తు వచ్చింది. సరిగ్గా అప్పుడే కంట్రాక్టరు బిల్లు ఆగిపోయింది. మొగిలి వారం వారం తిండికి సరిపడేంత మాత్రం ఇచ్చి, మిగతాది బిల్లు వచ్చాక అన్నాడు. తొడుగుల సంచి కూడా ఖాళీ. గడువు దాటాక ఇంకో నెల రోజులు ఆగుతారని జాన్సన్ చెప్పాడు. ఆ నెలా గడిచిపోవస్తోంది. కట్టకపోతే పాలసీ ఆగిపోతుంది, ఇప్పటిదాకా కట్టిందంతా చిక్కుకుపోతుంది.

ఎస్తేరు పోస్టాఫీసు డబ్బు తీద్దామంది. ప్రభుదాస్ వద్దన్నాడు. వర్షాలు ముందున్నాయన్నాడు. ఆమె కనకమ్మ మాటెత్తింది. ఇంకొక్క ఏడాది తిప్పలు పడితే మూడేళ్ళు నిండుతాయని, ఆ తరవాత కట్టలేకపోయినా కట్టినంత మటుకు అరవయ్యో ఏట వస్తుందని జాన్సన్ చెప్పిన లెక్కంతా మళ్ళీ చెప్పింది. తప్పు లెక్కేమీ కాదు. ఖాతా ఆమె పేరునే ఉంది. వానల్లోపు మళ్ళీ నింపేస్తానని మాటిచ్చి, ఖాతా మూతపడకుండా ఉంచాల్సింది ఉంచి, మిగతాదంతా తీసుకుపోయి కట్టేసింది. ప్రభుదాస్ ఆ సాయంత్రం అన్నం తింటూ ఒక్క మాటే అన్నాడు, ఇప్పుడు ఇంటికి గోడలున్నాయి గానీ నేల లేదని.

బిల్లు జూన్‌లో కొంత వచ్చింది. బడులు తెరిచారు, కిరాయి బాకీ తీరింది, అంతటితో సరి. ఖాతాలోకి ఏమీ పడలేదు.

జులైలో ప్రభుదాస్ పడ్డాడు. పెద్ద ఎత్తు నుంచి కాదు. తడి సిమెంటు పాలు కారిన మెట్టుమీద కాలు జారింది. చేతుల్లో ఉన్న గ్రానైటు పలక అతని కుడి మణికట్టు మీద పడింది. మొగిలి ఆటోలో ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ డబ్బడగలేదు. ఎముక సరిచేసి పిండికట్టు వేశారు. డాక్టరు చిన్నవాడు, ఓపికగా చెప్పాడు. ఆరు వారాలు కట్టు తియ్యొద్దు, బరువు పట్టొద్దు, వారం తరవాతొకసారి వచ్చి ఎక్స్‌రే ఫోటో తీయించుకోవాలి, ఎముక కదలకుండా ఉంటే చెయ్యి మునుపటిలాగే పనిచేస్తుంది. ఎస్తేరు అన్నిటికీ తలూపింది. ఆరు వారాలన్న మాట దగ్గర మాత్రం ఆమె చెవులు మూసుకుపోయాయి. ఆరు వారాలంటే నెలన్నర.

మొగిలి మంచివాడే. మొదటి వారం కూలి పనిచేసినట్టే ఇచ్చాడు. రెండో వారం సగం ఇచ్చాడు. ఆ తరవాత అతనూ మొహం చాటేశాడు. అతని జట్టులో పద్దెనిమిది మంది ఉన్నారు, అందరికీ తనే పెట్టుకోవాలి. కంట్రాక్టరు మాత్రం, పడ్డ మనిషి పేరు తమ రిజిస్టరులో లేదనేశాడు.

ఎస్తేరు జాన్సన్ ఇంటికి వెళ్ళింది. పాలసీ మీద ఏమైనా పుడుతుందా అని అడిగింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మూడేళ్ళు నిండలేదు కదమ్మా. నిండినా నువ్వనుకున్నంత రాదు. మొదటి ఏడాది కట్టింది లెక్కలోకి తీసుకోరు, మిగిలినదాంట్లో మూడో వంతు కూడా చేతికి రాదు. అది ఇప్పటి అవసరానికి పెట్టింది కాదు. అరవయ్యో ఏటికి పెట్టింది."

"అరవయ్యో ఏటిదాకా బతకాలి కదన్నయ్యా" అంది ఎస్తేరు.

ఆయన తన జేబులోంచి వంద కాగితం తీసిచ్చాడు. ఆమె తీసుకుంది. తీసుకుంటూ తల పక్కకు తిప్పుకున్నానని ఆమెకు ఇంటికి వచ్చే దారిలో గుర్తొచ్చింది.

మూడో వారానికి కొట్టువాడు బియ్యం అరువివ్వనన్నాడు. ఎస్తేరు రోజుకు రెండుసార్లు బాలానగర్ నడిచి తొడుగుల పని అడిగింది. కొంత దొరికింది. కుట్టినదంతా కిరాయికే పోయింది. కెజియా బడికి పొద్దున పూట టీ తాగి పోతోంది. ప్రభుదాస్ ఎడంచేత్తో కూరగాయలు కోయడం నేర్చుకున్నాడు. కోసేందుకు కూరగాయలున్న రోజులు తక్కువ. అతను ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించేది ఆమెకు.

నాలుగో వారంలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చేసరికి మొగిలి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. భవనం తెరవడానికి తేదీ పడింది. పెద్దవాళ్ళు వస్తున్నారు. ముందరి హాలు ఒక్కటే మిగిలింది, అదే అందరి కళ్ళల్లో పడేది.

"ప్రభన్నా, నీ అసొంటి చెయ్యి నా తాన లేదు. బరువు నువ్వు ముట్టకు, పోరగాళ్ళు మోస్తరు. నువ్వు మట్టం చూసి కూసోబెడ్తే సాలు. డబల్ కూలి ఇస్త, పొద్దుమీకంగనే చేతిల పెడ్త" అన్నాడు. నేల చూస్తూ, "నువ్వు రాకుంటే ఇగ వేరేటోణ్ణి చూసుకోవాలె. తిట్టుకోకు" అన్నాడు.

అతను వెళ్ళిపోయాడు. కెజియా గుమ్మం దగ్గర కూర్చుని, ఎవరింట్లోనో మాంసం ఉడుకుతున్న వాసన వస్తోందని తనలో తనే అనుకుంది. ప్రభుదాస్ లేచాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మిషను పక్కన కూర్చున్నాడు.

"నీ కత్తెర తియ్యి" అన్నాడు.

"ఇంకా రెండు వారాలున్నాయి."

"ఉన్నాయి. తిండి ఉందా రెండు వారాలకి?"

ఆమె మిషను మీది కత్తెర అందుకుంది.

"పోస్టాఫీసులో ఉంటే కూచునేవోణ్ణి ఎస్తేరూ. కూచోడానికే దాన్ని పెట్టుకున్నాం" అన్నాడు. గొంతులో కోపం లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, గుడ్డలు కత్తిరించే కత్తెరతో, నీళ్ళు పోసి మెత్తబరుస్తూ ఎస్తేరు ఆ పిండికట్టును కొద్దికొద్దిగా కోసింది. మొగుడి చర్మానికి ఎక్కడ కత్తెర తగులుతుందోనని కోతకీ కోతకీ మధ్య వేలు దూర్చి చూసుకుంది. లోపలి చెయ్యి పాలిపోయి, సన్నబడి, పసిపిల్లవాడి చేతిలా ఉంది. ప్రభుదాస్ వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. ముడిచినప్పుడు కళ్ళు మూసుకున్నాడు. నొప్పి లేదన్నాడు.

హాలు పని పన్నెండు రోజులు సాగింది. బరువు ముట్టనన్నవాడు ముట్టాడు. కుర్రాళ్ళు పలక వంకరగా పెడుతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదతను. తాపీ పట్టాడు, సుత్తి పట్టాడు, అంచు దొరకని చోట పలకను తనే ఎత్తాడు. సాయంత్రానికి మణికట్టు వాచి ఇంటికి వచ్చేవాడు. ఎస్తేరు ఉప్పునీళ్ళ కాపడం పెట్టేది. ఏ పూట కూలి ఆ పూట ఇస్తానన్న మొగిలి రోజూ బియ్యానికి మాత్రం ఇచ్చి, హాలు పూర్తయిన రోజుకు చెప్పిన కూలిలో సగం పైగా ముట్టజెప్పాడు, మిగతాది ఫైనల్ బిల్లు వచ్చాక ఇస్తానన్నాడు. ఇల్లు మళ్ళీ అన్నం మొహం చూసింది.

చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. వాపు తీశాక మణికట్టు ఒక పక్కకు వంగి ఉండిపోయింది. పిడికిలి సగమే ముడుచుకుంటుంది. దవాఖానలో అదే చిన్న డాక్టరు ఫోటో చూసి, కట్టు ఎవరు తీశారని అడిగాడు. ఎస్తేరు నేనే అంది. ఆయన తిట్టబోయి ఆగిపోయాడు. ఎముక జరిగి వంకరగా అతుక్కుందని, మళ్ళీ విరిచి ప్లేటు వేస్తే కొంత మెరుగవ్వొచ్చని, దానికి నాలుగు నెలలు చెయ్యి కదపకుండా ఉండాలని చెప్పాడు. ప్రభుదాస్ నవ్వాడు. ఎస్తేరు అతను అలా నవ్వగా ఎప్పుడూ చూడలేదు.

తాపీ పట్టలేని మేస్త్రీకి ఎవరు పనిస్తారు? మొగిలే ఎవరినో పట్టుకుని, గచ్చిబౌలి దారిలో కొత్తగా కడుతున్న ఒక భవనం దగ్గర వాచ్‌మన్‌గా పెట్టించాడు. జీతం మునుపటి కూలిలో సగం కూడా లేదు. ఎప్పుడిస్తారో తెలియదు, ఇచ్చినప్పుడు ఇస్తారు. నలభై ఆరేళ్ళ ప్రభుదాస్ చేతిలో కర్ర పట్టుకుని, తనకు తెలిసిన మేస్త్రీలు లోపలికి వెళ్తుంటే గేటు తీసేవాడు. ఎస్తేరు ఎప్పుడో పద్నాలుగేళ్ళ తరవాత వస్తుందని భయపడి, దానికోసం కిస్తులు కట్టుకుంటూ వచ్చిన ముసలితనం ముందే వచ్చి ఇంట్లో కూర్చుంది.

అక్టోబరులో ఆరో కిస్తు గడువు వచ్చింది. నవంబరు మొదట్లో, అంటే ఆగే నెలరోజుల్లోనే, మొగిలి ఇస్తానన్న మిగతా కూలి తెచ్చిచ్చాడు. కిస్తుకు సరిపోయి ఇంకొంచెం మిగిలే డబ్బు. ఆ డబ్బు చుట్టూనే వాళ్ళిద్దరి మధ్య మొదటిసారి గొంతులు లేచాయి.

చిత్రమేమిటంటే ఈసారి కట్టాలన్నది ప్రభుదాస్, వద్దన్నది ఎస్తేరు.

"ఇది కడితే మూడేళ్ళ డబ్బు కట్టినట్టు. తరవాత ఆపేసినా కట్టినంత నిలబడుద్ది. నువ్వే కదా చెప్పావు" అన్నాడతను. "అప్పుడు నాకు చెయ్యి ఉంది, నాకేం ఫికరు లేదు. ఇప్పుడేం చూసుకుని బతకమంటావు? ఈ కర్రనా? అరవై వచ్చేసరికి గేటు కాడ కూడా నిలబెట్టరు నన్ను."

"అరవై సంగతి తరవాత. ఈ చలికాలం ఏదైనా వస్తే?"

"అప్పుడు నేనూ ఇదే అన్నాను. విన్నావా?"

"వినలేదు" అంది ఎస్తేరు. "విననందుకే ఇప్పుడు అంటున్నాను. ఒక కట్టు నా చేత్తో కోశాను. ఇంకోటి కొయ్యలేను."

అతను డబ్బును మిషను మీద పెట్టి, జాన్సన్ వస్తే ఇవ్వమని చెప్పి పనికి వెళ్ళిపోయాడు. జాన్సన్ వచ్చాడు. ఎస్తేరు కట్టనంది. ఆయన రెండుసార్లు చెప్పి చూశాడు. గడువు దాటితే పాలసీ ఆగిపోతుంది, మనిషికేమైనా అయితే ఒక్క రూపాయి రాదు, కట్టిన తొమ్మిది వేల దాకా నీళ్ళపాలవుతుంది. అయిదేళ్ళలోపు వడ్డీతో బాకీలన్నీ కట్టి, ఆరోగ్యం బాగుందని రాసిస్తే మళ్ళీ నిలబెట్టుకోవచ్చు, కానీ ఆ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఎస్తేరు అంతా విని, చేతులు కట్టుకుని, తనకు తెలుసంది. మర్నాడు పొద్దున్నే ఆ డబ్బు పోస్టాఫీసులో వేసింది.

ఆ రాత్రి ప్రభుదాస్ అన్నం ముట్టలేదు.

జనవరిలో కెజియాకు జ్వరం వచ్చింది. మూడు రోజులకు తగ్గకపోతే రక్తం పరీక్ష చేయించారు, టైఫాయిడ్ అన్నారు. ఎస్తేరు పోస్టాఫీసుకు వెళ్ళి కావలసినంత తీసుకువచ్చింది. మందులు, సూదులు, పళ్ళరసం. మూడు వారాలు మిషను తొక్కకుండా పిల్ల పక్కనే కూర్చుంది. ఆ నెల ప్రభుదాస్ జీతం రాలేదు, అయినా ఇంట్లో పొయ్యి ఆరలేదు. కొట్టువాడిని అరువడగలేదు. జాన్సన్ ఇంటి మెట్లెక్కలేదు. పిల్ల లేచి తిరిగింది. జరిగింది ఇంతే. ఊరంతా వచ్చే జ్వరమే వచ్చింది, పోయింది. ఇరుగుపొరుగు కూడా దాన్ని గుర్తుపెట్టుకోలేదు. ఖాతాలో మళ్ళీ మూతపడకుండా ఉంచాల్సింది మాత్రం మిగిలింది.

ఎస్తేరు, భర్త ఏమైనా అంటాడేమో అని చూసింది. మెచ్చుకోనక్కర్లేదు. పిల్ల బతికి బట్టకట్టిందన్న మాట ఒక్కటి చాలు. ప్రభుదాస్ పాసుబుక్కు తెరిచి చూసి, మూసి, "అదీ అయిపోయింది, ఇదీ అయిపోయింది" అన్నాడు.

"పిల్ల ఉంది" అంది ఎస్తేరు.

"ఉంది. లేదన్నానా?"

ఫిబ్రవరిలో రెండు నెలల జీతం కలిపి ఇచ్చారు. ప్రభుదాస్ అందులో కొంత విడిగా మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, మిగతాది ఎస్తేరుకిచ్చాడు. అతను జాన్సన్‌ను దారిలో ఆపి, పాలసీ మళ్ళీ నిలబెట్టడానికి ఎంతవుతుందని అడిగాడని ఆమెకు చర్చిలో తెలిసింది. ఆయన చెప్పిన మొత్తానికి అతను పక్కన పెట్టగలిగేది ఏనాటికీ చాలదు. ఇతను కొంత కూడబెట్టేలోపు ఇంకో కిస్తు మీదపడుతుంది, వడ్డీ ఇంకాస్త పెరుగుతుంది. పైగా ఆ చేతితో ఆరోగ్యం బాగుందని ఎలా రాసిస్తాడు?

అయినా ఆమె ఒకసారి అడిగింది. ఆ కొంతా ఇస్తే పోస్టాఫీసులో వేస్తానని, వానాకాలం లోపు మళ్ళీ నెలన్నర తిండి సమకూరుతుందని నెమ్మదిగా చెప్పింది.

"ఇది నాది" అన్నాడు ప్రభుదాస్. వంకర చెయ్యి జేబు మీద వేసుకున్నాడు. "నీ పోస్టాఫీసు నీది, నీ తొడుగులు నీవి. దీని మాట అరవై దాకా అడగొద్దు నన్ను."

పదిహేడేళ్ళ కాపురంలో నీది, నాది అన్న మాట ఆ గదిలో అదే మొదటిసారి వినిపించింది. ఎస్తేరు మళ్ళీ అడగలేదు. అతను కర్ర తీసుకుని గచ్చిబౌలి వైపు వెళ్ళే కంపెనీ బస్సుల రోడ్డు మీదికి నడిచాడు. ఆ బస్సుల్లో అతనికి చోటు లేదు, సైకిలు తొక్కాలంటే మణికట్టు నిలవదు. అందుకని నడిచే వెళ్ళేవాడు.

బాలానగర్ నుంచి ఆరోజు సంచి నిండుగా వచ్చింది. ఎస్తేరు ముక్కలన్నీ నేల మీద పోసి, కుడిచేతివి ఒక పక్కకు, ఎడమచేతివి ఒక పక్కకు వేరు చేసుకుంటూ కూర్చుంది.